రెండు ఫామ్ 16లు, ఒకటే పన్ను లెక్క

హైదరాబాద్‌లో నెలకు లక్ష రూపాయల జీతంతో పనిచేస్తున్న సుజాత 2025 సెప్టెంబరు ఆఖరున ఉద్యోగం మానేసి, అక్టోబరు 1న 1,30,000 జీతానికి ఇంకో కంపెనీలో చేరిందనుకుందాం. పాత కంపెనీ ఆమె జీతంలో ఒక్క రూపాయి కూడా టీడీఎస్ పట్టలేదు. కొత్త కంపెనీ కూడా అంతే. ఎవరి లెక్క వారికి సరిగ్గానే ఉంది. అయినా జులైలో రిటర్ను వేసేటప్పుడు సుజాత 78,780 రూపాయల పన్ను, దానిమీద వడ్డీ కట్టాల్సి వస్తుంది.

ఇదెలా జరిగిందో చూద్దాం. కొత్త పన్ను విధానంలో 2025-26 సంవత్సరానికి జీతగాళ్లకు 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. అది తీసేశాక మిగిలిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది. పాత కంపెనీ ఏప్రిల్‌లోనే ఏడాది జీతాన్ని 12 లక్షలుగా అంచనా వేసింది. 75,000 పోగా 11,25,000. పన్ను లేదు. కొత్త కంపెనీకి తెలిసింది తామిచ్చే ఆరు నెలల జీతమే. అది 7,80,000, 75,000 పోగా 7,05,000. ఇక్కడా పన్ను లేదు.

చట్టం మాత్రం మనిషిని చూస్తుంది, కంపెనీని కాదు. ఆ ఏడాది సుజాత చేతికొచ్చిన జీతం 6,00,000, 7,80,000 కలిపి 13,80,000. స్టాండర్డ్ డిడక్షన్ ఇద్దరూ చెరో 75,000 ఇచ్చినా ఆమెకు దక్కేది ఒక్కసారే. కాబట్టి పన్ను పడే ఆదాయం 13,05,000. పన్నెండు లక్షల గీత దాటింది, రిబేటు పోయింది. మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. ఆ తర్వాతి నాలుగు లక్షలకు 5 శాతం చొప్పున 20,000, ఇంకో నాలుగు లక్షలకు 10 శాతం చొప్పున 40,000, మిగిలిన 1,05,000కు 15 శాతం చొప్పున 15,750. మొత్తం 75,750. దానిమీద 4 శాతం సెస్ 3,030 కలిపితే 78,780. పట్టిన టీడీఎస్ సున్నా కాబట్టి లోటు మొత్తం అదే.

జీతం ఇంకా ఎక్కువగా ఉండి ఇద్దరూ ఎంతోకొంత టీడీఎస్ పట్టినా కథ ఇదే. రెండు కంపెనీలూ నాలుగు లక్షల మినహాయింపు నుంచి, కింది స్లాబుల నుంచి లెక్క మొదలుపెడతాయి. ఒకే మనిషికి ఒకే ఏడాదిలో ఆ వెసులుబాటు రెండుసార్లు అందుతుంది. ఆదాయాలు కలిపినప్పుడు రెండోది వెనక్కి ఇచ్చేయాల్సిందే.

ఇక వడ్డీ. టీడీఎస్ పోగా కట్టాల్సిన పన్ను ఏడాదికి 10,000 లేదా అంతకుమించి ఉంటే దాన్ని జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో పదిహేనో తేదీలోగా వాయిదాల్లో అడ్వాన్సు టాక్స్‌గా కట్టాలి. అలా కట్టనందుకు సెక్షన్ 234సీ కింద సుజాతకు సుమారు 3,970 రూపాయల వడ్డీ పడుతుంది. మార్చి 31 లోపు కనీసం 90 శాతమైనా కట్టలేదు కాబట్టి ఏప్రిల్ నుంచి పన్ను కట్టే నెలదాకా నెలకు ఒక శాతం చొప్పున 234బీ వడ్డీ అదనం. జులైలో కడితే నాలుగు నెలలకు సుమారు 3,150. అంటే 78,780 కాస్తా దాదాపు 85,900 అవుతుంది. ‘కంపెనీ పట్టలేదు కదా, నా తప్పేముంది’ అంటే ఈ వడ్డీ తగ్గదు. పాత జీతం వివరాలు ఉద్యోగి ఇస్తేనే కొత్త కంపెనీ వాటిని లెక్కలోకి తీసుకోవాలని చట్టం చెబుతుంది. తనంతట తాను వెతికి తెలుసుకోవాల్సిన బాధ్యత దానికి లేదు.

ఆ వివరాలు ఇచ్చే కాగితమే ఫామ్ 12బీ. పాత కంపెనీ పేరు, దాని టాన్ నంబరు, అక్కడ వచ్చిన జీతం, పట్టిన పీఎఫ్, టీడీఎస్ రాసి సంతకం చేసి కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కు ఇవ్వాలి. సుజాత అక్టోబరులోనే ఇచ్చి ఉంటే ఆ 78,780ని ఆరు నెలలకు సర్ది నెలకు 13,130 చొప్పున పట్టేవారు. భారం తెలిసేది కాదు, వడ్డీ ఉండేది కాదు. చేరిన కొత్తలో చేతికొచ్చే జీతం తగ్గుతుందని చాలామంది ఈ ఫారం ఇవ్వరు. నా దృష్టిలో ఆ ఆరు నెలల సంతోషం ఇంత వడ్డీకి తగినది కాదు. ఫిబ్రవరిలో గుర్తొచ్చినా ఇవ్వొచ్చు, మిగిలిన జీతాల్లోంచి పడతారు.

ఏడాది అయిపోయాక చూసుకుంటే రెండు ఫామ్ 16లు పక్కపక్కన పెట్టుకోవాలి. పార్ట్ ఏలో పట్టి జమచేసిన టీడీఎస్ ఉంటుంది, పార్ట్ బీలో జీతం లెక్క ఉంటుంది. ఫామ్ 12బీ ఇచ్చినవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కొత్త కంపెనీ పార్ట్ బీలో, ఇతర యజమానుల నుంచి వచ్చిన జీతం అనే వరుసలో, పాత జీతం ముందే చేరిపోయి ఉంటుంది. అది గమనించకుండా పాత ఫామ్ 16లోని జీతాన్ని మళ్లీ కలిపితే ఆదాయం రెండుసార్లు లెక్కపడి, లేని పన్ను కనిపిస్తుంది. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది. టీడీఎస్ పట్టని కంపెనీ ఫామ్ 16 ఇవ్వకపోవచ్చు. కాగితం లేదు కదా అని ఆ జీతాన్ని వదిలేయకూడదు. పే స్లిప్పులు, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం చూసి కలపాలి.

రెండు పార్ట్ ఏల మొత్తం, ఆదాయపు పన్ను పోర్టల్‌లోని ఫామ్ 26ఏఎస్‌లో జీతాల కింద కనిపించే మొత్తంతో సరిపోవాలి. జనవరి–మార్చి టీడీఎస్ వివరాలు దాఖలు చేయడానికి కంపెనీలకు మే 31 దాకా గడువుంటుంది కాబట్టి ఏప్రిల్‌లో చూసి కంగారు పడొద్దు. లోటు తేలితే పోర్టల్‌లో e-Pay Tax తెరిచి, అసెస్‌మెంట్ ఇయర్ 2026-27, చెల్లింపు రకం Self-Assessment Tax (300) ఎంచుకుని కట్టి, ఆ చలానా వివరాలు రిటర్నులో చేర్చాలి.

అదే లెక్క కొందరికి ఎదురుతిరిగి రీఫండ్ అవుతుంది. నెలకు 1,60,000 జీతమున్న ఒకరు ఆగస్టు ఆఖరున ఉద్యోగం మానేశారనుకోండి. కంపెనీ ఏడాది మొత్తానికి 19,20,000 వస్తుందని అంచనా వేసి నెలకు 14,647 చొప్పున ఐదు నెలల్లో 73,235 పట్టింది. ఆయన మూడు నెలలు ఖాళీగా ఉండి డిసెంబరు నుంచి లక్ష జీతానికి వేరేచోట చేరారు. మొత్తం జీతం 8,00,000, 4,00,000 కలిపి 12,00,000. డిడక్షన్ పోగా 11,25,000. పన్నే లేదు. పాత కంపెనీ ఆ డబ్బును అప్పటికే ప్రభుత్వానికి జమచేసింది గనుక అక్కడ అడిగినా రాదు. రిటర్ను వేస్తేనే 73,235 తిరిగొస్తుంది. గడువులోగా వేస్తే ఏప్రిల్ నుంచి నెలకు అర శాతం వడ్డీ కూడా ఇస్తారు. ఆ డబ్బు పడాల్సిన బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ముందే వాలిడేట్ చేసుకుని, రిటర్ను వేసిన 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి. అది దాటితే వెరిఫై చేసిన రోజునే రిటర్ను వేసినట్టు లెక్కిస్తారు.