బొమ్మా, బొరుసా: ఎగరేసిన నాణెం ఎటు మొగ్గుతుంది?

ఎగరేసి చేత్తోనే పట్టుకున్న నాణెం, ఏ ముఖం పైకి ఉండగా ఎగిరిందో ఆ ముఖంతోనే పడే అవకాశం సగం కన్నా కాస్త ఎక్కువ. బొమ్మకూ బొరుసుకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా మొదట పైన ఉన్న ముఖానికీ, కింద ఉన్న ముఖానికీ మధ్యనే.

ఒకప్పుడు ఇంద్రజాలం ప్రదర్శించి, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో గణిత ఆచార్యుడైన పెర్సీ డయాకోనిస్ 2007లో మరో ఇద్దరితో కలిసి దీనికి కారణం చూపాడు. బొటనవేలితో మీటిన నాణెం పల్టీలు కొట్టడంతోపాటు కొద్దిగా వాలి, చుట్టూ ఊగుతుంది కూడా. ఆ ఊగు వల్ల మొదటి ముఖం గాలిలో ఎక్కువసేపు పైకే ఉంటుంది. అది ఉన్నవైపే పడే అవకాశం దాదాపు 51 శాతమని వారి లెక్క. 2023లో వెల్లడైన ఓ ప్రయోగంలో 48 మంది కలిసి 3,50,757 సార్లు నాణేలు ఎగరేస్తే 50.8 శాతం వచ్చింది. అంటే వెయ్యిసార్లు వేస్తే సుమారు 508 సార్లు పైనున్న ముఖమే పడుతుంది. అయితే ఈ మొగ్గు అందరి చేతిలో ఒకేలా లేదు. కొందరికి బాగా ఎక్కువ, కొందరికి దాదాపు శూన్యం.

మొగ్గున్న నాణెంతోనూ న్యాయంగా తేల్చుకునే ఉపాయం ఒకటి 1951లో గణితవేత్త జాన్ ఫాన్ నాయ్‌మన్ చెప్పాడు. ఇంటి రెండు వాటాల్లో ముందుది ఎవరికన్నది అన్నదమ్ములు తేల్చుకోవాలనుకుందాం. నాణేన్ని రెండుసార్లు వేయాలి. ముందు బొమ్మ, తర్వాత బొరుసు పడితే అన్నది. ముందు బొరుసు, తర్వాత బొమ్మ పడితే తమ్ముడిది. రెండుసార్లూ ఒకటే పడితే ఆ జత చెల్లదు, మళ్లీ వేయాలి. బొమ్మ పడే అవకాశం 60 శాతమున్న నాణెమైనా, మొదటి వరుసకు 0.6 × 0.4, రెండోదానికి 0.4 × 0.6. రెండూ 24 శాతమే.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. మొదటిసారి పడిన ముఖాన్ని అలాగే పైకి ఉంచి రెండోసారి వేస్తే ఈ ఉపాయం పనిచేయదు. బొమ్మ పైకి పెట్టి మొదలుపెట్టారనుకుందాం. బొమ్మ, బొరుసు వరుసకు 0.51 × 0.49. మొదట బొరుసు పడితే రెండోసారి బొరుసే పైనుంటుంది కాబట్టి బొరుసు, బొమ్మ వరుసకు 0.49 × 0.49. చెల్లిన జతల్లో అన్న గెలిచే అవకాశం మళ్లీ 51 శాతమే! ఇంత శ్రమపడీ మొగ్గు ఇసుమంత తగ్గలేదు. అందుకే ప్రతిసారీ ఒకే ముఖం పైకి పెట్టి, ఒకే మనిషి ఒకే తీరుగా వేయాలి.

ఒక్కసారితో తేలిపోవాలంటే అంతకన్నా సులువైన దారి ఉంది. నాణేన్ని రెండు అరచేతుల మధ్య బాగా కుదిపి, ఏ ముఖం పైనుందో వేసేవారూ చూడకుండా ఎగరేయాలి. నాణెం పైకి లేచాక రెండోవారు బొమ్మో బొరుసో చెప్పాలి. మొదటి ముఖం ఎవరికీ తెలియనప్పుడు దాని మొగ్గు ఎవరికీ అక్కరకు రాదు. పట్టుకున్న నాణేన్ని మణికట్టు మీద తిప్పి పెట్టడమో, పెట్టకపోవడమో ముందే ఖాయం చేసుకోవాలి. లేదంటే చూసి తిప్పే వీలు వేసేవారికి మిగిలిపోతుంది.