ఆదర్శానికి దగ్గరున్న లారీయే మొదటి ర్యాంకా?

గుంటూరు నుంచి ఢిల్లీకి మిర్చి లోడు పంపాలి. మూడు ట్రాన్స్‌పోర్ట్‌లు రేట్లు ఇచ్చాయనుకుందాం. ‘ఎ’ కిరాయి 60 వేలు, 5 రోజులు, నూటికి 70 లోడ్లు చెప్పిన రోజుకు చేరతాయి. ‘బి’ 70 వేలు, 4 రోజులు, 90 లోడ్లు. ‘సి’ 80 వేలు, 3 రోజులు, 85 లోడ్లు. ఇలాంటి చిక్కు విప్పడానికి హ్వాంగ్, యూన్ 1981లో ఇచ్చిన పద్ధతి టాప్సిస్. మూడు అంశాల్లోనూ మేలైన అంకెలు ఏరితే ఆదర్శం, అంటే 60 వేలు, 3 రోజులు, 90 లోడ్లు. అధమం 80 వేలు, 5 రోజులు, 70 లోడ్లు. అలాంటి లారీలు రోడ్డు మీద ఉండవు, కాగితం మీదే ఉంటాయి.

అపోహ: ఆదర్శానికి అందరికన్నా దగ్గరున్నదే గెలుస్తుంది.

వాస్తవం: గెలవకపోవచ్చు. రూపాయలు, రోజులు ఒకే కొలతలోకి రావడానికి ప్రతి అంకెనూ ఆ వరుసలోని వర్గాల మొత్తానికి వర్గమూలంతో భాగిస్తారు. మూడింటికీ సమాన ప్రాధాన్యమిస్తే ఆదర్శం నుంచి ‘బి’ దూరం 0.16, ‘సి’ దూరం 0.17. దగ్గరున్నది ‘బి’యే. కానీ మార్కులు వేసేది అధమం నుంచి ఉన్న దూరాన్ని రెండు దూరాల మొత్తంతో భాగించి. అధమం నుంచి ‘బి’ 0.22 దూరంలో ఉంటే ‘సి’ 0.30 దూరంలో ఉంది. అందుకే ‘సి’కి 0.64, ‘బి’కి 0.57. ఈ మెలికను ఒప్రికోవిచ్, జెంగ్ 2004లోనే ఎత్తిచూపారు.

అపోహ: సమాన ప్రాధాన్యమిస్తే మూడు అంశాల మాటా సమానంగా చెల్లుతుంది.

వాస్తవం: అంకెల మధ్య ఎడం ఎక్కువున్న అంశానిదే పైచేయి. ఇక్కడ రోజుల ఎడం 0.28, కిరాయిది 0.16, నమ్మకానిది 0.14. మనం అడక్కుండానే వేగం పెత్తనం చేసింది. కిరాయికి 50, నమ్మకానికి 30, వేగానికి 20 శాతం ఇచ్చి చూడండి. ‘బి’ మొదటికొస్తుంది, ‘సి’ ఆఖరికి పోతుంది.

అపోహ: పనికిరాని ట్రాన్స్‌పోర్ట్ ఒకటి జాబితాలో ఉన్నా నష్టం లేదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ప్రమాదంగా కనిపించేది ఇదే. 75 వేలు, 8 రోజులు, 60 లోడ్ల ‘డి’ని చేర్చండి. అన్నిట్లోనూ ‘బి’ కన్నా తీసికట్టే, ఎవరూ లోడు ఇవ్వరు. కానీ సమాన ప్రాధాన్యంతో మళ్ళీ లెక్కేస్తే ‘బి’కి 0.79, ‘సి’కి 0.78. మొదటి స్థానం చేతులు మారింది! ‘డి’ తెచ్చిన 8 రోజులతో అధమం కిందికి జారింది, దాని పక్కన 3 రోజులకూ 4 రోజులకూ తేడా చిన్నదైపోయింది. టెండర్లో గిట్టనివాణ్ణి దించాలంటే ఇలాంటి డమ్మీ కొటేషన్ ఒక్కటి చాలు.

కాబట్టి కొటేషన్లు విప్పకముందే ఆదర్శం, అధమం మీరే రాసిపెట్టుకోండి. కిరాయి 55 నుంచి 90 వేలు, రోజులు 3 నుంచి 6, ఇలా. అంకెల్ని ఆ హద్దులతోనే కొలవండి, హద్దు దాటినవాణ్ణి లెక్కలోకే తీసుకోకండి.