ఒకే చోట రెండు రంగులు

గర్భిణికి చేసిన రక్తపరీక్షలో ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం 65 ఫెమ్టోలీటర్లు వచ్చిందనుకుందాం. మామూలుగా అది 80కి పైన ఉండాలి. ఐరన్ లోపం లేదు. హిమోగ్లోబిన్ ఏ2 సాధారణంగా 3.5 శాతం లోపే ఉంటుంది, ఆమెకు 5.2 శాతం ఉంది. ఇవన్నీ చూస్తే ఆమె బీటా తలసేమియా వాహకురాలన్న అనుమానం వస్తుంది. ఆమెకు ఏ జబ్బూ ఉండదు. కానీ భర్త కూడా వాహకుడైతే, పుట్టే ప్రతి బిడ్డకూ తలసేమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. కడుపులోని బిడ్డను పరీక్షించాలంటే ముందు తల్లిదండ్రుల బీటా గ్లోబిన్ జన్యువులో ఏ అక్షరం మారిందో కచ్చితంగా తెలియాలి. అందుకే ఆమె రక్తంలోని డీఎన్ఏను శాంగర్ సీక్వెన్సింగ్‌కు పంపుతారు.

1977లో ఫ్రెడరిక్ శాంగర్ బృందం ప్రకటించిన పద్ధతి ఇది. జన్యువులో కావలసిన ముక్కను పీసీఆర్‌తో లక్షల ప్రతులుగా పెంచి, ఒక్కో అక్షరం దగ్గర ఆగిపోయే రంగు ముక్కలుగా మళ్లీ నకలు తీస్తారు. వెంట్రుకంత సన్నని గాజు గొట్టంలోని జిగట పదార్థం గుండా ఆ ముక్కలు కరెంటుకు లోబడి పరుగెడతాయి. పొట్టివి ముందు, పొడుగువి వెనుక. చివర లేజర్ కాంతి పడగానే ఒక్కో ముక్క తన చివరి అక్షరపు రంగులో మెరుస్తుంది. ఆ మెరుపుల గ్రాఫే క్రొమాటోగ్రామ్. తెరపై సాధారణంగా A ఆకుపచ్చ, C నీలం, G నలుపు, T ఎరుపు. పీక్‌ల పైన సాఫ్ట్‌వేర్ తానే అక్షరాలు రాసి, ఒక్కో అక్షరానికి నాణ్యత మార్కు వేస్తుంది. 20 అంటే ఆ అక్షరం తప్పయ్యే అవకాశం నూటికి ఒకటి, 30 అంటే వెయ్యికి ఒకటి.

రోగి నమూనా చదివేవారు ఆ అక్షరాలను నమ్మి ఊరుకోకూడదు. తక్కువ మార్కుకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, అక్కడ గ్రాఫ్ నిజంగానే చెడిపోయి ఉండొచ్చు. రెండు, గ్రాఫ్ చక్కగా ఉండి, అక్కడ నిజంగానే రెండు అక్షరాలు ఉండొచ్చు. మొదటిదాన్ని పక్కన పెట్టాలి. రెండోది మనం వెతుకుతున్న జవాబే కావచ్చు.

ముందు చెడిపోయే చోట్లు చూద్దాం. మొదటి 30, 40 అక్షరాలు ఎప్పుడూ గజిబిజిగానే ఉంటాయి. మరీ పొట్టి ముక్కలు ఒకదాన్నుంచి ఒకటి సరిగా విడిపోవు. దాని తర్వాత, 70వ అక్షరం చుట్టుపక్కల ఒక్కోసారి వెడల్పాటి దిబ్బ ఒకటి లేస్తుంది. శుభ్రం చేసినప్పుడు పోకుండా మిగిలిన రంగు అది. నాలుగైదు అక్షరాల వెడల్పున పరుచుకుని ఉంటుంది కాబట్టి పోల్చడం తేలికే. దాని అడుగున అసలు పీక్‌లు సన్నగా, సమాన దూరంలో సాగుతూనే ఉంటాయి. అటు చివర, 700 అక్షరాలు దాటాక, 700 అక్షరాల ముక్కకూ 701 అక్షరాల ముక్కకూ వేగంలో తేడా దాదాపు ఉండదు. పీక్‌లు లావెక్కి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పీసీఆర్ ముక్క అంతకన్నా చిన్నదైతే గ్రాఫ్ మధ్యలోనే హఠాత్తుగా ఆగిపోతుంది. ఆ తర్వాత మిగిలేది రొదే అయినా, సాఫ్ట్‌వేర్ దాని మీద కూడా అక్షరాలు రాస్తూనే పోతుంది. ఈ రెండు కొసలనూ కత్తిరించాకే చదవడం మొదలవుతుంది. ముఖ్యమైన అక్షరాలు ఆ కొసల్లో పడకుండా ప్రైమర్‌ను దూరంగా ఎంచుకోవడం అందుకే.

ఇక మన గర్భిణి గ్రాఫ్. మొదటి ఎక్సాన్ ముగిసి ఇంట్రాన్ మొదలయ్యే చోట మామూలు వరుసా, మన దేశంలో బీటా తలసేమియాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే మార్పూ ఇలా ఉంటాయి:

```
GTTGGTATC
GTTGCTATC
```

ఇంట్రాన్‌లో ఐదో అక్షరం G బదులు C అయింది. రిపోర్టుల్లో దీన్ని `IVS1-5 (G>C)` అని రాస్తారు. ఆర్ఎన్ఏను ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తు ఈ మార్పుతో బలహీనపడి, సరైన గ్లోబిన్ బాగా తగ్గిపోతుంది. వాహకురాలిలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన రెండు ప్రతులూ ఒకే గొట్టంలో చదవబడతాయి కాబట్టి, ఐదో చోట నలుపు పీక్, నీలం పీక్ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ అక్కడ ఎత్తైనదాని పేరు రాయొచ్చు, `N` అనొచ్చు, లేదా G, C రెండూ ఉన్నాయన్న అర్థంలో `S` అని రాయొచ్చు.

ఇది నిజమైన జంట పీక్ అని ఎలా తెలుస్తుంది? మొదటి గుర్తు ఎత్తు. మామూలు నమూనాలో అదే చోట ఉండే G పీక్‌తో పోలిస్తే ఇక్కడి G సుమారు సగానికి పడిపోవాలి. G నిండు ఎత్తులోనే ఉండి దాని కింద చిన్న C కనిపిస్తే అది చాలావరకు రొదే. రెండో గుర్తు ఇరుగుపొరుగు. అటూ ఇటూ పీక్‌లు ఒంటరిగా, సన్నగా, అడుగు గీత శుభ్రంగా ఉండాలి. ప్రతి పీక్ కిందా మరో చిన్న పీక్ ఉంటే నమూనా కలుషితమైందనో, ప్రైమర్ రెండు చోట్ల అతుక్కుందనో అనుమానించాలి. మూడోది ఎదురు దారి. అవతలి పోగును వెనుక నుంచి చదివితే అదే చోట మామూలు ప్రతి C గానూ, మారిన ప్రతి G గానూ రావాలి. రెండు దారుల్లోనూ కనిపిస్తేనే రిపోర్టులోకి ఎక్కాలి.

ఇదే జన్యువులో మన దేశంలో తరచుగా కనిపించే మరో మార్పు చూసేవారిని తికమక పెడుతుంది. ఎనిమిదో, తొమ్మిదో కోడాన్ల మధ్య ఒక G అదనంగా చేరుతుంది:

```
GAGAAGTCTGCCGTT
GAGAAGGTCTGCCGT
```

ఒకే పాటను ఇద్దరు ఒక అక్షరం తేడాతో అందుకున్నట్టు, అక్కడి నుంచి చివరిదాకా దాదాపు ప్రతి చోటా జంట పీక్‌లే. యాదృచ్ఛికంగా రెండు ప్రతుల్లోనూ ఒకే అక్షరం వచ్చిన చోట మాత్రమే ఒంటి పీక్ ఉంటుంది. తొందరలో చూస్తే గ్రాఫ్ చెడిపోయిందని పారేస్తారు. కానీ చెడిపోయిన గ్రాఫ్ క్రమంగా లావెక్కుతుంది. ఇది ఒక్క అక్షరం దగ్గర ఠక్కున మొదలవుతుంది, పీక్‌లు మాత్రం సన్నగానే, సమాన దూరంలోనే ఉంటాయి. వెనుక నుంచి చదివితే అటువైపు శుభ్రంగా వచ్చి, సరిగ్గా అదే చోటి నుంచి జంటలు మొదలవుతాయి.

జంట పీక్ కనిపించిన ప్రతిసారీ జబ్బు అనుకోనక్కర్లేదు. రెండో కోడాన్‌లో `CAT` బదులు `CAC` ఉండటం చాలామందిలో మామూలే. రెండూ ఒకే అమైనో ఆమ్లాన్ని ఇస్తాయి కనుక హాని లేదు. పైగా దానివల్ల మేలుంది. అక్కడ ఎరుపు, నీలం జంటగా వచ్చాయంటే ఆ పీసీఆర్‌లో రెండు ప్రతులూ పెరిగాయని రుజువు దొరికినట్టే.

ఆ రుజువు అవసరమయ్యేది గ్రాఫ్ మరీ శుభ్రంగా ఉన్నప్పుడు. ప్రైమర్ అతుక్కునే చోటే ఒక ప్రతిలో మార్పు ఉంటే ఆ ప్రతి అసలు పెరగకపోవచ్చు. సింధీ, గుజరాతీ కుటుంబాల్లో కనిపించే 619 అక్షరాల లోపంలో జన్యువు చివరి భాగమే ఉండదు, అక్కడ చదవబడేది రెండో ప్రతి ఒక్కటే. రెండు సందర్భాల్లోనూ తెరపై ఒంటి పీక్‌లే కనిపిస్తాయి. అందువల్ల హిమోగ్లోబిన్ ఏ2 5.2 శాతం ఉన్న మనిషి గ్రాఫ్‌లో ఏమీ దొరక్కపోతే 'మార్పు లేదు' అని రాసి ముగించకూడదు. ప్రైమర్ మార్చి మళ్లీ చదవాలి, లోపాలను పట్టే గ్యాప్ పీసీఆర్ గానీ ఎంఎల్‌పీఏ గానీ చేయాలి. తల్లిలో, తండ్రిలో ఏయే అక్షరాలు మారాయో తేలాకే 10 నుంచి 12 వారాల మధ్య తీసే మావి ముక్కలో ఆ అక్షరాల కోసం వెతకగలరు.