ల్యాబ్‌లో గెలిచిన పొయ్యి పల్లెలో ఎందుకు ఓడింది?

ఆ పొయ్యి తక్కువ కట్టెలతో వంట పూర్తిచేస్తుంది, పొగను గొట్టం గుండా ఇంటి బయటికి పంపేస్తుంది. ప్రయోగశాలలో కొలిచి చూస్తే ఈ రెండు మాటలూ నిజమేనని తేలింది. అలాంటి పొయ్యిలనే ఒడిశాలోని పల్లెల్లో కట్టించి, నాలుగేళ్లపాటు ఆ కుటుంబాలను గమనించారు. మొదటి ఏడాది వంటచేసే ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. రెండో ఏడాదికే ఆ తేడా మాయమైంది. ఆరోగ్యంలోగానీ, కట్టెల వాడకంలోగానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

అంటే ప్రయోగశాల అబద్ధం చెప్పిందా? లేదు. ప్రయోగశాలను అడిగిన ప్రశ్న వేరు, పల్లెను అడిగిన ప్రశ్న వేరు. ఒక ప్రయోగంలో కనిపించిన ఫలితానికి మనం అనుకుంటున్న కారణమే అసలు కారణమని ఎంత గట్టిగా చెప్పగలమో తెలిపేది అంతర్గత ప్రామాణికత. అదే ఫలితం వేరే మనుషుల దగ్గర, వేరే పరిస్థితుల్లో ఎంతవరకు నిలుస్తుందో తెలిపేది బాహ్య ప్రామాణికత. పొగలేని పొయ్యి కథలో ఈ రెండింటి మధ్య పెనుగులాట స్పష్టంగా కనిపిస్తుంది.

ఎసరు కాగే పరీక్ష

పొయ్యిల పరిశోధకులు చాలాకాలంగా వాడుతున్న పరీక్షలో వండేది అన్నం కాదు, కూర కాదు, ఉత్త నీళ్లు. పొయ్యిమీద గిన్నెలో కొలిచిన నీళ్లు పోసి, తూచిన కట్టెలతో మరిగిస్తారు. మొదట చల్లటి పొయ్యితో, తర్వాత అప్పటికే వేడెక్కిన పొయ్యితో చేస్తారు. చివర్లో సన్నని మంటమీద 45 నిమిషాలు కాగనిస్తారు. ఎన్ని కట్టెలు మిగిలాయో, ఎన్ని నీళ్లు ఆవిరయ్యాయో తూస్తారు.

దీని వెనుక ఉన్న లెక్క బడిలో చదువుకున్నదే. ఉదాహరణకు 5 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీల సెల్సియస్‌కు తేవడానికి సుమారు 1,570 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఈలోగా 200 గ్రాముల నీరు ఆవిరైతే దానికి ఇంకో 450 వేసుకోవాలి. మొత్తం 2,020 కిలోజౌళ్లు గిన్నెకు చేరినట్టు. కిలో ఎండు కట్టెలో దాదాపు 18,000 కిలోజౌళ్లు ఉంటాయి. ఈ పనికి పాత పొయ్యి 700 గ్రాముల కట్టెలు తింటే దాని సామర్థ్యం 16 శాతం. కొత్త పొయ్యి 400 గ్రాములతో సరిపెడితే 28 శాతం.

ఈ పోలికలో పొయ్యి ఒక్కటే మారింది. కట్టెలు ఒకే రకం, ఒకే తేమ, ఒకే మందం. గిన్నె అదే, మంట పెట్టే మనిషీ అతనే. కాబట్టి తేడా వస్తే అది పొయ్యివల్లే వచ్చింది. అంతర్గత ప్రామాణికత బలంగా ఉండటమంటే ఇదే. కానీ దాన్ని సాధించడానికి ఏమేం పక్కకు నెట్టాల్సి వచ్చిందో చూడండి. వానాకాలంలో తడిసిన కట్టెలు లేవు. ఏరుకొచ్చిన పుల్లలు, పిడకలు లేవు. మంట ఎగదోసి పిల్లాడి ఏడుపు విని లేచి వెళ్లిన తల్లి లేదు. పైగా ఈ లెక్కలో ఆవిరైపోయిన నీటికి కూడా మార్కులు పడతాయి. వంటింట్లో మూతలేని గిన్నెలోంచి పోయే ఆవిరి చాలావరకు వృథాయే.

వంటింటి వైపు ఒక్కో మెట్టు

ఈ లోటు పరిశోధకులకు తెలియనిది కాదు. అందుకే నీళ్ల పరీక్ష తర్వాత మరో రెండు మెట్లు ఏర్పరచుకున్నారు. రెండో మెట్టులో స్థానిక వంటమనిషి చేత అక్కడి వంటకాన్నే, ముందుగా తూచి ఇచ్చిన సరుకులతో, రెండు రకాల పొయ్యిలమీదా వండిస్తారు. మూడో మెట్టులో అసలు వంట జోలికే వెళ్లరు. ఇళ్లలో మామూలుగా వండుకోనిస్తూ, కనీసం మూడు రోజులపాటు రోజూ కట్టెల మోపు తూచి, మనిషికి ఎంత ఖర్చయిందో లెక్కేస్తారు.

మెట్టు ఎక్కేకొద్దీ పరీక్ష జీవితానికి దగ్గరవుతుంది. దాంతోపాటు కొలతలు చెదిరిపోతాయి. ఒక ఇంట్లో ఆరుగురు, ఇంకో ఇంట్లో ఇద్దరు. ఒకరింట్లో పశువుల కుడితి కూడా అదే పొయ్యిమీద కాగుతుంది. ఒకరింటికి చుట్టాలొచ్చారు.

ఈ చెదురుబాటుకు కట్టాల్సిన ధర ఎంతో లెక్కగట్టవచ్చు. రెండు పొయ్యిల మధ్య కట్టెల వాడకంలో 10 శాతం తేడాను పట్టుకోవాలనుకుందాం. ప్రయోగశాలలో ఒకే పొయ్యి కొలతలు సగటుకు అటూ ఇటూ 5 శాతం మేర ఊగితే, ఒక్కో పొయ్యికి నాలుగైదు పరీక్షలు చాలు. ఇళ్లలో ఆ ఊగిసలాట 40 శాతం ఉంటే, గణాంక శాస్త్రపు మామూలు కొలమానం ప్రకారం ఒక్కో పొయ్యికి సుమారు 250 ఇళ్లు కావాలి. ఊగిసలాట ఎనిమిది రెట్లు పెరిగితే, కావలసిన కొలతలు దాని వర్గం మేరకు, అంటే 64 రెట్లు పెరుగుతాయి. ల్యాబ్‌లో రెండు రోజుల్లో తేలే ప్రశ్న ఊళ్లో నెలలు పట్టేది ఇందుకే.

ఒడిశాలో చీటీలు

ఊళ్లోకి వెళ్లగానే ఇంకో చిక్కు ఎదురవుతుంది. కొత్త పొయ్యి కొనుక్కున్న ఇళ్లను, కొననివాటిని పోల్చకూడదు. కొన్నవాళ్లకు నాలుగు డబ్బులు ఎక్కువ ఉండవచ్చు, వంటిల్లు గాలి వెలుతురుతో ఉండవచ్చు, ఆరోగ్యంమీద శ్రద్ధ ఉండవచ్చు. వాళ్ల పిల్లలకు దగ్గు తక్కువైతే అది పొయ్యివల్లో, డబ్బువల్లో చెప్పలేం.

రెమా హన్నా, ఎస్తర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు దీనికి లాటరీ మార్గం ఎంచుకున్నారు. గ్రామ్ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ఒడిశాలోని 44 గ్రామాల్లో, సుమారు 2,600 కుటుంబాలతో అధ్యయనం చేశారు. ఏ ఇంటికి ముందు పొయ్యి కట్టాలో లాటరీ నిర్ణయించింది. మూడో వంతు ఇళ్లకు మొదటే, ఇంకో మూడో వంతుకు కొంతకాలం తర్వాత, మిగిలినవాటికి చివర్లో. చీటీకి డబ్బున్నవాళ్లు, లేనివాళ్లు అనే తేడా తెలియదు కనుక రెండు వర్గాలూ సగటున ఒకేలా ఉంటాయి. ఆ తర్వాత కనిపించే తేడాకు పొయ్యి ఇవ్వడమే కారణం. ల్యాబ్‌లో అన్నిటినీ బిగించి సాధించిన అంతర్గత ప్రామాణికతను ఇక్కడ దేన్నీ బిగించకుండానే చీటీ సాధించింది.

పొగ ఎంత లోపలికి వెళుతోందో తెలుసుకోవడానికి వంటచేసేవారి ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను యంత్రంతో కొలిచారు. ఊపిరితిత్తుల పనితీరునూ పరీక్షించారు. మొదటి ఏడాది పొగ తగ్గింది, తర్వాత ఆ మేలు నిలవలేదు. కారణం వంటిళ్లలో కనిపించింది. ఆ పొయ్యి రోజూ వాడితేనే, సరిగ్గా వాడితేనే, బాగుచేసుకుంటూ ఉంటేనే పనిచేస్తుంది. చాలా ఇళ్లలో దాన్ని అప్పుడప్పుడే వాడారు, పక్కనే పాత పొయ్యీ వెలుగుతూనే ఉంది. పగుళ్లు పూడ్చడం, గొట్టంలో మసి తీయడం లాంటి పనులు సాగలేదు. ఏళ్లు గడిచేకొద్దీ వాడకం ఇంకా తగ్గింది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పొయ్యిని శ్రద్ధగా వాడిన ఇళ్లను మాత్రమే విడదీసి చూస్తే మేలు కనిపించేది కదా? అలా విడదీస్తే లాటరీ ఇచ్చిన రక్షణ పోతుంది. శ్రద్ధగా వాడే ఇల్లు మిగతా విషయాల్లోనూ వేరుగా ఉండే అవకాశం ఎక్కువ. అందుకే చీటీ తగిలిన ఇళ్లన్నిటినీ, వాడినా వాడకపోయినా, ఒకవైపు ఉంచి లెక్క కడతారు. ఆ లెక్క పొయ్యి గొప్పతనాన్ని కాదు, పొయ్యి పంచే పథకం ఫలితాన్ని చెబుతుంది. 1980లలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దేశంలో మూడు కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు పంచారు. ఒక ప్రభుత్వం తేల్చుకోవలసిన ప్రశ్న ఈ రెండోదే.

పొగ తగ్గినా

వాడకమే సమస్య అయితే, వాడకానికి ఏ అడ్డూ లేకుండా చేస్తే? హాపిన్ అనే పెద్ద అధ్యయనం ఆ పని చేసింది. భారత్, గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో సుమారు 3,200 మంది గర్భిణుల కుటుంబాలు ఇందులో ఉన్నాయి. మన దేశం నుంచి పాల్గొన్నవి తమిళనాడు పల్లెలు. లాటరీ పద్ధతిలో సగం ఇళ్లకు గ్యాస్ పొయ్యి ఇచ్చి, 18 నెలలపాటు గ్యాస్‌ను ఉచితంగా ఇంటికే చేర్చారు. కట్టెల పొయ్యి దాదాపుగా ఆగిపోయింది. గర్భిణులు పీల్చే గాలిలో సన్నని ధూళి కణాలు ఘనపు మీటరుకు సుమారు 24 మైక్రోగ్రాములకు పరిమితమయ్యాయి. కట్టెలతోనే వండుకున్న ఇళ్లలో అది 70 దాకా ఉంది. అయినా 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం, పుట్టిన బిడ్డల బరువులో తేడా సగటున 20 గ్రాములకు కాస్త అటూ ఇటూ మాత్రమే. గణాంకాల దృష్టిలో అది తేడా కిందికి రాదు.

పైకి చూస్తే ఒడిశాలోనూ, హాపిన్‌లోనూ ఆరోగ్య ఫలితం ఒకటే: ఆశించిన మేలు కనిపించలేదు. కానీ రెండింటి అర్థం వేరు. పొయ్యి నుంచి ఆరోగ్యం దాకా ఒక గొలుసు ఉంది: పొయ్యి సామర్థ్యం, వాడకం, పీల్చే పొగ, చివరికి శరీరం. ఒడిశాలో గొలుసు వాడకం దగ్గర తెగింది. పొగే తగ్గనప్పుడు, తగ్గితే ఆరోగ్యం ఎలా ఉంటుందో ఆ అధ్యయనం చెప్పలేదు. హాపిన్‌లో పొగ తగ్గింది, అయినా బిడ్డ బరువు పెరగలేదు. గొలుసు చివరి లంకె దగ్గర తెగింది. మధ్యలో పొగను కొలవకపోయి ఉంటే ఈ రెండు వైఫల్యాల మధ్య తేడాయే తెలిసేది కాదు.

హాపిన్‌కూ దాని హద్దులున్నాయి. ఉచితంగా ఇంటికొచ్చే గ్యాస్‌తో ఏం జరుగుతుందో అది చెప్పింది. 2016లో మొదలైన ఉజ్వల పథకం కింద కనెక్షన్ పొందిన కుటుంబం మళ్లీ సిలిండర్ నింపించుకోవాలంటే డబ్బు కట్టాలి. సబ్సిడీ పోను మిగిలిన ఆ ఖర్చు చూసుకుని, సిలిండర్‌ను పొదుపుగా వాడుతూ, పక్కన కట్టెల పొయ్యి కూడా వెలిగించే ఇంట్లో గాలి ఎలా ఉంటుందో హాపిన్ అంకెల నుంచి తేల్చలేం. అలాగే ఒడిశా ఫలితాన్ని పట్టుకుని ఏ మెరుగైన పొయ్యీ ఎక్కడా పనిచేయదని తీర్మానించలేం. అక్కడ పరీక్షించింది ఒక రకం మట్టి పొయ్యిని, ఒక తరహా పంపిణీని.

ఈసారి ఏదైనా పొయ్యి 28 శాతం సామర్థ్యం సాధించిందన్న వార్త కనిపిస్తే, ఆ అంకె ఏ మెట్టుమీద కొలిచిందో వెతకాలి. నీళ్లు మరిగించి కొలిచినదైతే అది పొయ్యి గురించిన నిజం. ఇళ్లలో మోపులు తూచి కొలిచినదైతే అది వంటింటి గురించిన నిజం. మొదటి నిజం నుంచి రెండోదానికి వెళ్లాలంటే, రెండో ఏడాది వానాకాలంలో ఆ ఇంటి గొట్టంలో మసి ఎవరు తీశారో కూడా తెలియాలి.