చన్నీటి ప్రవాహం సగానికి తగ్గితే

జంట గొట్టాల హీట్ ఎక్స్ఛేంజర్‌లో లోపలి గొట్టంలో వేడినీరు, దాని చుట్టూ చన్నీరు ఎదురెదురు దిశల్లో పారుతుంటాయి. రెండూ సెకనుకు 2 కిలోల చొప్పున వస్తున్నాయనుకుందాం. వేడినీరు 80 డిగ్రీల సెల్సియస్ వద్ద లోపలికి వెళ్లి 50 వద్ద బయటికి వస్తుంది. చన్నీరు 30 నుంచి 60కి చేరుతుంది. చేతులు మారే వేడి సుమారు 251 కిలోవాట్లు. ఇప్పుడు చన్నీటి పంపు సగమే ఇస్తే ఏమవుతుంది?

బయటికొచ్చే ఉష్ణోగ్రతలు ముందుగా తెలియవు కాబట్టి సగటు ఉష్ణోగ్రతా భేదంతో లెక్కిస్తే ఊహించడం, సరిదిద్దుకోవడం తప్పదు. ఎఫెక్టివ్‌నెస్ పద్ధతికి ఆ తిప్పలు లేవు. గరిష్ఠంగా సాధ్యమయ్యే వేడిలో నిజంగా అందిన వంతే ఎఫెక్టివ్‌నెస్. ఇక్కడ 50 డిగ్రీల అవకాశంలో 30 డిగ్రీలు దక్కాయి, అంటే 0.6. పరికరం వేడిని దాటించే శక్తిని, రెండు ప్రవాహాల్లో తక్కువ వేడి మోయగలదాని మోత శక్తితో భాగిస్తే బదిలీ యూనిట్ల సంఖ్య (NTU) వస్తుంది. ప్రవాహాలు సమానమైతే ఎఫెక్టివ్‌నెస్ NTU/(1+NTU) కాబట్టి ఇక్కడ NTU 1.5.

చన్నీరు సగమైతే భాగహారం సగమై NTU 3 కావాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అది పొరపాటు. నీరు నెమ్మదిస్తే గోడ నుంచి వేడిని అందుకునే శక్తీ తగ్గుతుంది. సుడులతో పారే నీటిలో అది వేగపు 0.8 ఘాతాన్ని అనుసరిస్తుంది కాబట్టి చన్నీటి వైపు 57 శాతమే మిగులుతుంది. మొదట రెండు వైపులా నిరోధం సమానమని, గోడ నిరోధం స్వల్పమని తీసుకుంటే, మొత్తం బదిలీ శక్తి 73 శాతానికి దిగుతుంది. నిజమైన NTU 2.19. మోత శక్తుల నిష్పత్తి C ఇప్పుడు 0.5.

ε = (1 − e^(−NTU(1−C))) / (1 − C·e^(−NTU(1−C)))

దీన్నిబట్టి ఎఫెక్టివ్‌నెస్ 0.8కి పెరుగుతుంది. చన్నీరు 40 డిగ్రీలు వేడెక్కి 70కి చేరుతుంది. వేడినీరు మాత్రం 60 వద్దే ఆగిపోతుంది. మారిన వేడి 167 కిలోవాట్లు, మునుపటి దాంట్లో మూడింట రెండు వంతులు. ఎఫెక్టివ్‌నెస్ పెరిగినా పని తగ్గింది, ఎందుకంటే ఆ 0.8 సగమైన అవకాశంలో వంతు. వేడినీటిని 50కి దించడమే అవసరమైతే ఈ పెరుగుదల ఊరటనివ్వదు.

నీటి వేగం మరీ తగ్గి ప్రవాహం సుడులు లేకుండా పొరలుగా సాగితే 0.8 ఘాతం వర్తించదు. బదిలీ ఇంకా బాగా పడిపోతుంది. కఠినజలమైతే వేగం తగ్గడం, గోడ వేడెక్కడం రెండూ కలిసి సున్నపు పొర పేరుకోవడానికి తోడ్పడతాయి. దాన్ని గుర్తుపట్టాలంటే ముందు రెండు ప్రవాహాల వేడి లెక్కలు చూడాలి. వేడినీరు 63 వద్ద, చన్నీరు 64 వద్ద బయటికి వస్తుంటే రెండు వైపులా 142 కిలోవాట్లే వస్తాయి. లెక్క కుదిరింది కాబట్టి ప్రవాహ కొలతలపై అనుమానం తక్కువ; ఎఫెక్టివ్‌నెస్ 0.68కి పడింది కాబట్టి గొట్టాలు శుభ్రం చేయాల్సిన సమయం వచ్చిందని అనుకోవచ్చు. రెండు వైపులా లెక్క పొసగకపోతే మాత్రం ముందు మీటర్లను పరీక్షించాలి.