ముట్టుకుంటే ఆడాల్సిందే

పిల్లల చెస్ టోర్నమెంటులో తొలి రౌండుకు గడియారాలు నొక్కే ముందు ఆర్బిటర్ చేసే ప్రసంగం స్వాగతంతో మొదలవుతుంది గానీ, దాని అసలు పని వేరు. ఆ రోజు రాబోయే తగవుల్లో సగాన్ని ముందే తీర్చేయడం దాని పని. ఎనిమిదేళ్ల పిల్లలున్న హాలులో తగవు ఎక్కువగా ఒకే మాట దగ్గర పుడుతుంది: "ముట్టుకున్నావు." "ముట్టుకోలేదు." అందుకే అనుభవమున్న ఆర్బిటర్ బహుమతుల సంగతి, భోజనం సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, మిగతా సమయమంతా ముట్టుకోవడం మీదే పెడతాడు.

కువైట్‌లో ఈ ప్రసంగానికి మరో చిక్కు తోడవుతుంది. శుక్ర, శనివారాల సెలవుల్లో భారతీయ పాఠశాలల హాళ్లలో గానీ, క్లబ్బుల్లో గానీ పోటీ పెడితే, ఒకే బల్ల దగ్గర తెలుగు పిల్లవాడు, కువైటీ పిల్లవాడు ఎదురెదురుగా కూర్చోవచ్చు. ఇద్దరూ ఇంగ్లిష్ మాట్లాడతారు, కానీ పావుల పేర్లు ఇంట్లో నేర్చుకున్నవే. తెలుగులో ఏనుగు అంటే బోర్డు మూలన నిలబడి నిలువుగా, అడ్డంగా నడిచేది. అరబీలో ఏనుగు, అంటే 'ఫీల్', ఐమూలగా నడిచేది, మన శకటు. మన ఏనుగును వాళ్లు 'ఖలా' అంటారు, అంటే కోట. మంత్రి దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తారు, వాళ్లకు అది 'వజీర్'. అందుకని తెలివైన ఆర్బిటర్ పావు పేరు చెప్పి ఊరుకోడు. పావును చేత్తో పైకెత్తి చూపిస్తూ మాట్లాడతాడు. "ఏనుగును ముట్టుకుంటే" అన్న మాటకు హాలులో రెండు అర్థాలు వచ్చాయంటే, నియమం చెప్పకముందే తగవు నాటినట్టే.

నియమం అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నియమావళిలోని నాలుగో అధికరణంలో ఉంది. తన వంతు వచ్చిన ఆటగాడు ఎత్తు వేయాలనో, కొట్టాలనో ఉద్దేశంతో తన పావును బోర్డు మీద ముట్టుకుంటే, ఆ పావునే ఆడాలి. ఎదుటివారి పావును ముట్టుకుంటే దాన్ని కొట్టాలి. ఇక్కడ పిల్లలు పట్టుకోవలసిన మాట 'మొదట'. రెండు మూడు పావులను ముట్టుకుంటే, వాటిలో ఆడడానికి వీలున్న మొదటిదే లెక్క.

ఉదాహరణకు తెల్ల రాజు ఇ1 గడిలో ఉంది, దాని ముందు డి2లో తెల్ల గుర్రం. నల్ల శకటు బి4 నుంచి ఆ గుర్రం మీదుగా రాజును చూస్తోంది. గుర్రం కదిలితే రాజుకు చెక్. తెల్ల పావుల పిల్లవాడు ముందు గుర్రాన్ని ముట్టుకుని, నాలిక కరుచుకుని, తర్వాత డి1లోని మంత్రిని పట్టుకున్నాడు. గుర్రం ఆడడానికి వీల్లేదు గనుక లెక్కలోకి రాదు. మంత్రికి ఏదైనా చెల్లే ఎత్తు ఉంటే మంత్రినే ఆడాలి. ఒక్క గుర్రాన్నే ముట్టుకుని ఉంటే, ముట్టుకున్న పావుల్లో ఏదీ కదలదు కనుక, నచ్చిన ఎత్తు ఏదైనా వేయవచ్చు. పెద్దల టోర్నమెంట్లలో కూడా చాలామంది ఈ రెండో సగాన్ని మరిచిపోయి, కదలలేని పావును ముట్టుకున్నందుకు ఓడిపోయామనుకుంటారు.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే అపోహ మరొకటుంది. పావును గాల్లోకి ఎత్తి ఒక గడి మీద ఆడించాక, ఇక ఆ గడిలోనే పెట్టాలని కొందరు మొండికేస్తారు. అది తప్పు. ముట్టుకోవడంతో ఖాయమయ్యేది ఏ పావో మాత్రమే. ఏ గడికో ఖాయమయ్యేది వేళ్లు వదిలినప్పుడు. వేలు పావు మీద ఉన్నంతవరకు ఆ పావుకు చెల్లే ఏ గడికైనా మార్చుకోవచ్చు. వదిలాక మార్చకూడదు. ఆర్బిటర్ ఈ తేడాను మాటలతో గాక చేత్తో చూపించాలి: ఎత్తడం, తిప్పడం, పెట్టడం, వదలడం. ఆ నాలుగో క్షణంలో చెయ్యి పైకి లేపి చూపిస్తే చాలు.

ఆ నాలుగో క్షణం ఎంత చిన్నదో 1994లో స్పెయిన్‌లోని లినారెస్‌లో లోకం చూసింది. ప్రపంచ చాంపియన్ గ్యారీ కాస్పరోవ్ 17 ఏళ్ల జూడిట్ పోల్గర్‌తో ఆడుతూ గుర్రాన్ని సి5 గడిలో పెట్టి, వెంటనే తప్పు గ్రహించి, దాన్ని తీసి ఎఫ్8కి వేశాడు. టీవీ కెమెరా చిత్రాల్లో అతని వేళ్లు దాదాపు పావు సెకను పాటు గుర్రాన్ని వదిలి ఉన్నట్టు తేలింది. పోల్గర్ అక్కడికక్కడ ఫిర్యాదు చేయలేదు. ఆట సాగింది, కాస్పరోవ్ గెలిచాడు. పిల్లలకు ఈ కథ చెబితే కాస్పరోవ్ తప్పు చేశాడా లేదా అని వాదనలోకి దిగుతారు. ఆర్బిటర్‌కు కావలసింది ఆ వాదన కాదు, పోల్గర్ చెయ్యి ఎత్తకపోవడం. ఎదుటివారు ముట్టుకుని మార్చారన్న ఫిర్యాదు, తాను తన ఎత్తు కోసం పావును ముట్టుకునే లోపే చేయాలి. ముట్టుకున్నాక ఆ హక్కు పోతుంది. ప్రసంగంలో ఒక్క వాక్యమే గుర్తుండాలంటే ఈ వాక్యమే ఉండాలి.

ఫిర్యాదు చేసే పద్ధతి కూడా నేర్పాలి. గడియారం ఆపవచ్చు, చెయ్యి ఎత్తాలి, నోరు మూసుకోవాలి. ఎదుటి పిల్లతో వాదించకూడదు. ఆర్బిటర్ వచ్చాక "నువ్వు ముట్టుకున్నావా?" అని అడిగితే "లేదు" అనే జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ. అదే "మొదట ఏ పావు మీద చెయ్యి వేశావు?" అని మెల్లగా అడిగితే, చాలామంది పిల్లలు ఉన్నది ఉన్నట్టు చెబుతారు. అబద్ధం ఆడడానికి ముందే ఆలోచించుకునే వయసు కాదది. ఒప్పుకుంటే, వేసిన ఎత్తును వెనక్కి తీసి ముట్టుకున్న పావును ఆడిస్తారు. ఒప్పుకోకపోతే, ఆర్బిటర్ స్వయంగా చూడకపోతే, నమ్మదగిన సాక్ష్యం లేకపోతే, ఆట ఉన్న స్థితి నుంచే సాగుతుంది. ఈ మాట కూడా ముందే చెప్పడం మంచిది. "నిరూపించలేకపోతే నేను మీ పక్షాన తీర్పు ఇవ్వలేను" అని ముందుగా విన్న పిల్లకు, తర్వాత వచ్చే ఏడుపు కొంచెం తక్కువగా ఉంటుంది. పక్క బల్ల పిల్లలు చూసినా అరవకూడదు. చూసినవారు ఆర్బిటర్‌కు మాత్రమే చెప్పాలి.

పావు గడి మధ్యలో లేకపోతే సరిచేసుకోవచ్చు. కానీ తన వంతు వచ్చినప్పుడే, ముందుగా చెప్పి. పెద్ద పోటీల్లో ఫ్రెంచి మాట 'జదూబ్' అంటారు, పిల్లలు 'ఐ అడ్జస్ట్' అంటారు. ఎదుటివారికి అర్థమైతే 'సర్దుతున్నా' అన్నా సరిపోతుంది. అసలు కీలకం వరస: మాట ముందు, చెయ్యి తర్వాత. 2016లో మాస్కోలో జరిగిన క్యాండిడేట్స్ పోటీలో హికారు నకమురా లెవాన్ అరోనియన్‌తో ఆడుతూ రాజును ముట్టుకుని, పొరపాటు గ్రహించి, సర్దుతున్నానన్నాడు. అరోనియన్ ఒప్పుకోలేదు, ఆర్బిటర్ రాజునే ఆడించాడు, నకమురా ఆ ఆట ఓడిపోయాడు. ప్రపంచ చాంపియన్‌తో ఆడే అర్హత కోసం పోరాడేవారికే మినహాయింపు లేనప్పుడు, మూడో తరగతి పిల్లవాడికి ఉండదు. అయితే చొక్కా చేతి మడత తగిలి పావు కదిలితే అది ముట్టుకోవడం కాదు. పావులు పడిపోతే, పడేసినవారే తమ గడియారం నడుస్తుండగా వాటిని తిరిగి నిలబెట్టాలి.

క్యాస్లింగ్ దగ్గర పిల్లలు చేసే తప్పు చిన్నదే, నష్టం పెద్దది. ముందు రాజును కదిపి, తర్వాత ఏనుగును కదపాలి, ఒకే చేత్తో. కావాలని ముందు ఏనుగును ముట్టుకుంటే ఆ వైపు క్యాస్లింగ్ ఆ ఎత్తులో పోయినట్టే. ఏనుగునే ఆడాలి. రాజును, తర్వాత ఏనుగును ముట్టుకున్నాక, రాజు దాటే గడి మీద నల్ల శకటు దాడి ఉందని తెలిస్తే, క్యాస్లింగ్ చెల్లదు. అప్పుడు రాజుకే మరో చెల్లే ఎత్తు వేయాలి. అవతలి వైపు క్యాస్లింగ్ చెల్లితే అదైనా సరే. రాజుకు ఏ ఎత్తూ లేకపోతే మాత్రమే వేరే పావుకు స్వేచ్ఛ. బంటు చివరి వరసకు చేరినప్పుడు మంత్రి దొరక్క ఏనుగును తలకిందులుగా పెట్టే అలవాటు ఇళ్లలో ఉంటుంది. టోర్నమెంటులో తలకిందులుగా ఉన్నా ఏనుగు ఏనుగే. గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలిచి మంత్రిని అడగాలి.

గడియారాన్ని ఎత్తు వేసిన చేత్తోనే నొక్కాలి. రెండు చేతులతో క్యాస్లింగ్ చేసి గడియారం నొక్కేస్తే అది చెల్లని ఎత్తుగా లెక్క. మామూలు ఆటలో, ర్యాపిడ్‌లో మొదటి చెల్లని ఎత్తుకు ఎదుటివారికి రెండు నిమిషాలు కలుస్తాయి. బ్లిట్జ్‌లో ఒక నిమిషం. అదే ఆటలో రెండోసారి చేస్తే సాధారణంగా ఓటమే. చెక్‌లో ఉన్న రాజును కాపాడకుండా వేరే ఎత్తు వేయడం ఈ కోవలోదే. అలాంటప్పుడు రాజును కొట్టేసి 'గెలిచాను' అనడం పిల్లలకు సరదా. ఆ సరదా వద్దు. రాజును కొట్టడమనేది ఈ ఆటలో లేదు. చెయ్యి ఎత్తి ఆర్బిటర్‌కు చెప్పాలి. ఇంకో సంగతి, 'చెక్' అని చెప్పాల్సిన పని నియమాల్లో ఎక్కడా లేదు. అరబీ పిల్లలు 'కిష్ మలిక్' అనకపోతే చెక్ కాదనుకునే తెలుగు పిల్లలూ, ఎదుటివారు 'చెక్' అనలేదు కనుక రాజును వదిలేశామని బుకాయించే పిల్లలూ ఇద్దరూ ఉంటారు. ఇద్దరికీ ఒకటే జవాబు: చెక్ బోర్డు మీద ఉంటుంది, నోట్లో కాదు.

ఇక నడవడి. ఎదుటివారిని ఏ విధంగానూ చికాకు పెట్టకూడదని నియమం. బల్ల మీద వేళ్లతో వాయించడం, ప్రతి రెండు ఎత్తులకూ డ్రా అడగడం దాని కిందికే వస్తాయి. డ్రా అడగాలంటే తన ఎత్తు వేశాక, గడియారం నొక్కే ముందు అడగాలి. ఫోను, స్మార్ట్ వాచ్ ఒంటి మీద ఉంటే ఆట ఓడిపోవచ్చు. వాచీని అమ్మకిచ్చి రమ్మనడం తేలిక. తల్లిదండ్రులు గీత అవతల ఉండాలి. పిల్లవాడి వైపు కళ్లతో సైగ చేసినా బయటికి పంపే అధికారం ఆర్బిటర్‌కు ఉంది, ఈ మాట పిల్లలకు గాక పెద్దల వైపు చూసి చెప్పాలి.

చివర ఆట అయ్యాక పావులు సర్దకుండా ఉంచి, చెయ్యి ఎత్తి, ఫలితం నమోదు చేయించి, ఎత్తులు రాసే ఆటల్లో ఇద్దరూ కాగితం మీద సంతకం పెట్టాలి. గెలిచినవారు అరవకూడదు, ఓడినవారు పావులు తోసేయకూడదు. ఆర్బిటర్ "ప్రశ్నలున్నాయా?" అని అడుగుతాడు. ఎవరో ఒకరు చెయ్యి ఎత్తి తుమ్మొచ్చినప్పుడు పావు తగిలితే సంగతేమిటని అడుగుతారు. దానికి కూడా జవాబిచ్చాక, ఎదురెదురు పిల్లలు చేతులు కలుపుతారు. నల్ల పావుల వైపు కూర్చున్నవారు గడియారం నొక్కుతారు, తెల్లవారి సమయం నడవడం మొదలవుతుంది.