ముఖం రంగు మారకుండా ఫోటోను సైటుకు సిద్ధం చేయడం

పదో తరగతి పిల్లల వీడ్కోలు ఫోటోలు చూసి చాలామంది తల్లిదండ్రులు ఒకే మాట అడిగారు. "సార్, ఇంటికొచ్చిన ప్రింటులో మా పిల్ల చక్కగా ఉంది, బడి సైటులో మాత్రం జ్వరం వచ్చి లేచినట్టు పాలిపోయి ఉంది, ఎందుకని?" కొందరు స్టూడియో అబ్బాయి రిటచింగ్ చెడగొట్టాడని అనుకున్నారు. ఆ అబ్బాయి పని నిజానికి బాగానే ఉంది. మొటిమలు తీశాడు, చెదిరిన జుట్టు సర్దాడు, కళ్ళ కింద నీడ కాస్త తగ్గించాడు, ఎవరి చర్మం రంగునూ ముట్టుకోలేదు. తేడా వచ్చింది ఫైలును సేవ్ చేసిన తీరులో. ఈ ఏడు కూడా ఫోటోలు తీయబోతున్నాం గనుక, రిటచింగ్ చేసే స్టూడియోల వారికీ, ఇంట్లోనే ఫోటోలు సర్దే పూర్వ విద్యార్థులకూ పనికొస్తుందని సంగతి వివరంగా రాస్తున్నాను.

కంప్యూటరుకు రంగు అంటే మూడు అంకెలు: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉంటుంది. అయితే అంకె ఒక్కటే ఉంటే చాలదు, అది ఏ కొలతలో చెప్పిన అంకో కూడా తెలియాలి. బట్టల కొట్లో చీటీ మీద "10" అని మాత్రమే రాసి ఉంటే అది పది గజాలా, పది మీటర్లా? గజం అనుకున్నవాడికీ మీటరు అనుకున్నవాడికీ బట్ట వేరుగా వస్తుంది. ఫోటో ఫైల్లో ఆ కొలత పేరు చెప్పే చీటీనే ప్రొఫైల్ అంటారు.

ఇప్పుడు మనకు ఎదురయ్యే కొలతలు ముఖ్యంగా రెండు. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కంపెనీలు 1996లో కలిసి తెచ్చిన ఎస్‌ఆర్‌జీబీ మొదటిది. ఇంటర్నెట్టుకు మామూలు కొలత ఇదే. చీటీ లేని ఫోటో కనబడితే బ్రౌజర్లు సాధారణంగా దాన్ని ఎస్‌ఆర్‌జీబీగానే చదువుతాయి. రెండోది 1998లో వచ్చిన అడోబ్ ఆర్‌జీబీ. ప్రింటింగ్ పనికి వీలుగా ఇందులో ఆకుపచ్చ, నీలిపచ్చ రంగుల వైపు ఎక్కువ చోటు ఉంటుంది. పెళ్ళి ఆల్బమ్‌లు చేసే స్టూడియోల్లో కెమెరాను చాలాసార్లు ఇందులోనే పెట్టి ఉంచుతారు. మా పిల్లల ఫోటోలు కూడా అలా తీసినవే.

ఒక అమ్మాయి బుగ్గ మీది రంగు తీసుకుందాం. ఎస్‌ఆర్‌జీబీలో ఆ రంగు 200, 140, 110 అనుకోండి. అచ్చంగా అదే రంగును అడోబ్ ఆర్‌జీబీలో రాస్తే 184, 139, 111 అవుతుంది. ఆకుపచ్చ, నీలం అంకెలు దాదాపు కదలలేదు, ఎరుపు మాత్రం 16 మెట్లు దిగింది. ఇందులో తప్పేమీ లేదు. కొలత పెద్దదైతే అంకె చిన్నదవుతుంది, అంతే. ఫైల్లో చీటీ ఉన్నంతసేపు ఫోటోషాప్ దాన్ని సరిగానే చూపిస్తుంది.

చిక్కు ఆ చీటీ ఊడిపోయినప్పుడు వస్తుంది. కొన్ని సైట్లు ఫోటోకు చిన్న కాపీలు చేసేటప్పుడు బరువు తగ్గించడానికి ప్రొఫైలును తీసేస్తాయి. కొన్ని చోట్ల సేవ్ చేసేవారే ఆ టిక్కు తీసేస్తారు. అప్పుడు బ్రౌజరు 184, 139, 111 అనే అంకెలను ఎస్‌ఆర్‌జీబీ అంకెలుగా చదివేస్తుంది. ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్య 60 ఉండాల్సిన దూరం 45కు పడిపోతుంది. చర్మానికి జీవకళ ఇచ్చేది ఆ దూరమే, అందులో నాలుగో వంతు పోయింది. నల్లగా ఉండే పిల్లలకూ ఇదే జరుగుతుంది: 120, 76 అని ఉండాల్సినవి 109, 77 అవుతాయి, దాంతో ముఖం బూడిద రాసినట్టు కనబడుతుంది. గోడ తెలుపు, చొక్కా తెలుపు మాత్రం మారవు, ఎందుకంటే తెలుపు, బూడిద రంగుల అంకెలు రెండు కొలతల్లోనూ ఇంచుమించు ఒకటే. అందుకే చూసేవారికి లైటింగ్ మీద అనుమానం రాదు, పిల్ల మీదో రిటచింగ్ చేసినవాడి మీదో వస్తుంది. తెల్ల చొక్కా బాగుండి ముఖం మాత్రం పాలిపోతే ముందుగా ప్రొఫైలునే అనుమానించండి.

ఇక సరిచేసే పద్ధతి. రిటచింగ్ అంతా అయ్యాక అసలు ఫైలును లేయర్లతో సహా అలాగే దాచండి, పని దాని కాపీ మీద చేయండి. ఫోటోషాప్‌లో కాపీని తెరిచి Layer కింద Flatten Image కొట్టండి. తర్వాత Edit కింద Convert to Profile తెరిచి, గమ్యంగా sRGB IEC61966-2.1 ఎంచుకోండి. Intent దగ్గర Relative Colorimetric ఉండాలి, Use Black Point Compensation కు టిక్కు ఉండాలి. ఓకే కొట్టాక తెర మీద ముఖం ఏమీ మారకూడదు, కానీ Info పెట్టెలో బుగ్గ మీది అంకెలు మారాలి. రంగు నిలిచి అంకెలు మారితే పని సరిగా జరిగినట్టు.

దాని పక్కనే Assign Profile అని ఇంకొకటి ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉన్నా పని పూర్తిగా తలకిందులు. అది అంకెలను అలాగే ఉంచి చీటీ మాత్రం మారుస్తుంది, పది గజాల బట్ట మీద "పది మీటర్లు" అని రాసినట్టు. రంగు అక్కడికక్కడే మారిపోతుంది. ఒక విధంగా మాత్రం అది మనకు ఉపయోగమే. అడోబ్ ఆర్‌జీబీ ఫైలు కాపీకి Assign Profile తో ఎస్‌ఆర్‌జీబీ పెట్టి చూస్తే, చీటీ ఊడితే సైటులో ఎలా కనబడుతుందో ముందే తెలుస్తుంది. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి.

ఇంకొక పొరపాటు చాలా చోట్ల జరుగుతుంది. సైటులో ముఖం పాలిపోయిందని సాచురేషన్ పెంచి మళ్ళీ పంపుతారు. ఆ ఫైలు చీటీ ఊడని చోట తెరుచుకుంటే ముఖాలు టమోటాల్లా ఎర్రబడతాయి. అంతకంటే చెడ్డ సంగతి, పిల్లవాడి అసలు రంగు ఏదో ఎవరికీ తెలియకుండా పోతుంది. రంగును దిద్దకండి, కొలతను మార్చండి.

కన్వర్ట్ చేస్తే ఏమైనా పోతుందా అని ఒక ఫోటోగ్రాఫరు అడిగారు. మామూలు వెలుతురులో మనుషుల చర్మం రంగులన్నీ ఎస్‌ఆర్‌జీబీలో ఇముడుతాయి, ముఖానికి నష్టం లేదు. అమ్మ కట్టుకున్న రామా గ్రీన్ పట్టుచీరలోని మెరుపు మాత్రం కొంచెం తగ్గవచ్చు. చీరల కొట్టు ప్రకటన అయితే ఆలోచించాలి గానీ, మనది పిల్లల ఫోటో.

ఫైలు అడోబ్ ఆర్‌జీబీలో ఉందో లేదో మొదటే తెలుసుకోవడానికి ఒక చిన్న గుర్తు ఉంది. కెమెరా నుంచి నేరుగా వచ్చిన జేపెగ్ పేరు _MG_ లేదా _DSC అని కిందిగీతతో మొదలైతే కెమెరా అడోబ్ ఆర్‌జీబీలో పెట్టి ఉంది. IMG_ లేదా DSC_ అని మొదలైతే ఎస్‌ఆర్‌జీబీ. పేరు మార్చేసిన ఫైలయితే, ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉన్నవారు ఇలా అడగవచ్చు:

```
exiftool -ProfileDescription photo.jpg
```

sRGB IEC61966-2.1 అని వస్తే సరే. Adobe RGB (1998) అని వస్తే కన్వర్ట్ చేయాలి. ఏమీ రాకపోతే చాలావరకు చీటీ లేదని అర్థం, అప్పుడు స్టూడియోనే అడగాలి.

కొలత మార్చాక సైజు, కంప్రెషన్. మన సైటుకు ఫోటో పొడవు వైపు 1200 పిక్సెళ్ళు చాలు. File, Export, Save for Web (Legacy) తెరిచి JPEG, Quality 80 పెట్టండి. Convert to sRGB, Embed Color Profile రెండింటికీ టిక్కు ఉండాలి. ప్రొఫైలు బరువు మూడు కేబీ మాత్రమే, దాన్ని మిగుల్చుకుని లాభం లేదు. ముందే ఎస్‌ఆర్‌జీబీకి మార్చాం కాబట్టి, దారిలో ఎక్కడైనా ఆ చీటీ ఊడిపోయినా ఇక నష్టం ఉండదు.

క్వాలిటీ ఎందుకు 80, ఎందుకు 40 కాదు? జేపెగ్ ఫోటోను వెలుగు, రంగు అని రెండుగా విడదీసి, 8 పిక్సెళ్ళ చదరపు గళ్ళుగా కోసి నొక్కుతుంది. మన కన్ను వెలుగులోని తేడాను చురుగ్గా పట్టుకుంటుంది, రంగులోని తేడాను అంతగా పట్టుకోదు. అందుకని రంగు సమాచారాన్నే ఎక్కువగా కత్తిరిస్తుంది. ఈ Save for Web లో క్వాలిటీ 50 గానీ అంతకు తక్కువ గానీ పెడితే, రంగును అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి దాస్తుంది, అంటే నాలుగు పిక్సెళ్ళకు కలిపి ఒకే రంగు. నుదుట కుంకుమ బొట్టు చూస్తే ఇది వెంటనే తెలిసిపోతుంది, అంచు దాటి ఎరుపు చర్మంలోకి ఊరినట్టు ఉంటుంది. పెదవుల అంచులోనూ అంతే.

రిటచ్ చేసిన ముఖానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చర్మాన్ని నున్నగా చేసినప్పుడు సహజంగా ఉండే సన్నని గరుకు పోతుంది. అలాంటి బుగ్గ మీద వెలుగు నుంచి నీడకు రంగు మెల్లగా మారాల్సిన చోట, గట్టిగా నొక్కిన జేపెగ్ మెట్లుమెట్లుగా పట్టీలు వేస్తుంది. ఒక పట్టీ గులాబీగా, పక్కది పచ్చగా తేలుతుంది. సేవ్ చేసే ముందు Filter, Noise, Add Noise లో 1 శాతం, Monochromatic టిక్కుతో వేస్తే గరుకు కొంత తిరిగొచ్చి పట్టీలు కనబడవు. అసలు అంత నున్నగా చేయకపోతే ఇంకా మంచిదని నా అభిప్రాయం. పదహారేళ్ళ పిల్లల ముఖాలకు పింగాణీ నునుపు ఎందుకు?

ఒకసారి జేపెగ్ చేసిన దాన్ని మళ్ళీ తెరిచి, దిద్ది, మళ్ళీ జేపెగ్ చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపినా ఇదే జరుగుతుంది, అది సైజు తగ్గించి తన పద్ధతిలో మళ్ళీ నొక్కుతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి, ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

చివరికి చూసేవారి తెర మన చేతిలో లేదు. ఫోనులో రంగులు పెంచి చూపే సెట్టింగు ఉంటే ముఖం ఎర్రగా, రాత్రి పూట కళ్ళకు హాయి అని పెట్టుకునే సెట్టింగు ఉంటే పసుపుగా కనబడుతుంది. ఫిర్యాదు చేసే ముందు అవి రెండూ ఆపి, ఇంకో ఫోనులోనూ చూడండి.

ఈ ఏటి ఫోటోలు ఇచ్చే స్టూడియో వారు ప్రింటు ఫైళ్ళు వేరుగా, సైటు ఫైళ్ళు వేరుగా రెండు ఫోల్డర్లలో పెట్టి, పెన్‌డ్రైవ్‌లో బడి ఆఫీసులో ఇవ్వాలి. సైటు ఫోల్డరులోని మొదటి మూడు ఫోటోలను ఆఫీసు కంప్యూటరులోనూ, మా టీచర్ల ఫోన్లలోనూ ప్రింటు పక్కన పెట్టి చూశాకే మిగతావి ఎక్కిస్తాం.